బ్లాస్టులు 78%, ఎంపీఓ నెగెటివ్: ఏఎల్‌ఎల్ అని రాసేయొచ్చా?

బెజవాడ స్లైడ్ · ల్యాబ్ టెక్నీషియన్, సూర్యారావుపేట

అందరికీ నమస్తే. నిన్న సాయంత్రం వచ్చిన శాంపిల్ గురించి అడుగుతున్నా. పేషెంట్‌కి 46 ఏళ్లు, మగ. మూడు వారాలుగా నీరసం, వచ్చిపోయే జ్వరం, పిక్కల మీద ఎర్రటి చుక్కలు. హిమోగ్లోబిన్ 7.4, టోటల్ కౌంట్ 38,600, ప్లేట్‌లెట్లు 21,000.

మెషీన్ ఇచ్చిన డిఫరెన్షియల్ ఇలా ఉంది: లింఫోసైట్లు 71, మోనోసైట్లు 19, న్యూట్రోఫిల్స్ 8. పక్కన `Blasts/Abn Lympho?` అని ఫ్లాగ్ పడింది. ఫ్లాగ్ చూసి స్లైడ్ లాగాం. 200 సెల్స్ చేత్తో లెక్కపెడితే బ్లాస్టులు 78, లింఫోసైట్లు 12, న్యూట్రోఫిల్స్ 6, మోనోసైట్లు 2, మయిలోసైట్లు 2 శాతం. బేసోఫిల్స్ కనపడలేదు. బ్లాస్టులు మధ్యరకం సైజు. న్యూక్లియస్ చుట్టూ సన్నటి నీలం అంచులా సైటోప్లాజం ఉంది. కొన్నిట్లో ఒకటి రెండు న్యూక్లియోలై తెలుస్తున్నాయి. గ్రాన్యూల్స్ లేవు. స్లైడ్ మొత్తం వెతికినా ఆవర్ రాడ్ ఒక్కటీ దొరకలేదు.

ఇవాళ పొద్దున ఎంపీఓ స్టెయిన్ వేశాం. ఒక్క బ్లాస్టుకీ రంగు పట్టలేదు. రిపోర్ట్ ఈ సాయంత్రమే కావాలని డాక్టరుగారి దగ్గర్నుంచి ఫోన్ల మీద ఫోన్లు. మా పాథాలజిస్ట్ సార్ ఊళ్లో లేరు, స్లైడ్ ఫొటోలు పంపితే 'అక్యూట్ లుకేమియా' వరకు ఒప్పుకున్నారు. ఏఎల్‌ఎల్ అని కూడా రాయొచ్చంటారా?

పాథ్ పీజీ

ఇందులో ఆలోచించడానికేముంది అన్నా! చిన్న సెల్స్, సైటోప్లాజం తక్కువ, గ్రాన్యూల్స్ లేవు, ఆవర్ రాడ్ లేదు, పైగా ఎంపీఓ నెగెటివ్. మైలాయిడ్ అయితే ఎంపీఓ వచ్చి తీరాలి. న్యూక్లియోలై ఉన్నాయి కాబట్టి ఎల్2 అని కూడా రాయొచ్చు. కన్ఫర్మేషన్‌కి ఫ్లో సజెస్ట్ చేయండి, అంతే.

గుంటూరు హెమటాలజీ · పాథాలజిస్ట్, కొత్తపేట

కాస్త ఆగండి. బెజవాడ స్లైడ్ గారూ, ముందు ఒక్క మాట చెప్పండి. మీరు లెక్కపెట్టిన 6 శాతం న్యూట్రోఫిల్స్ ఉన్నాయిగా, ఎంపీఓ స్లైడ్‌లో వాటికి రంగు పట్టిందా? అది తెలియకుండా బ్లాస్టుల సంగతి మాట్లాడి లాభం లేదు.

బెజవాడ స్లైడ్

ఇప్పుడే మళ్లీ పెట్టి చూశాను మేడమ్. న్యూట్రోఫిల్స్ ఎనిమిదో తొమ్మిదో దొరికాయి. వాటిలో కూడా గోధుమరంగు లేదు. అంతా హిమటాక్సిలిన్ నీలమే.

గుంటూరు హెమటాలజీ

అయితే మీ దగ్గర ఉన్నది నెగెటివ్ ఎంపీఓ కాదు, చెల్లని ఎంపీఓ. న్యూట్రోఫిల్ అంటేనే ఎంపీఓ నిండుగా ఉండే సెల్. దానికే రంగు పట్టలేదంటే ముఖ్యంగా రెండు కారణాలు. ఒకటి, స్టెయిన్ పనిచేయలేదు. రెండోది చాలామందికి తట్టదు: ఏఎంఎల్‌లోనూ ఎండీఎస్‌లోనూ పేషెంట్ సొంత న్యూట్రోఫిల్స్ కూడా ఎంపీఓ లేకుండా పుట్టొచ్చు. ఈ రెండూ విడిపోవాలంటే పక్కన ఇంకెవరిదైనా నార్మల్ స్లైడ్ పెట్టి, అదే జార్‌లో, అదే నిమిషాన స్టెయిన్ చేయాలి. నార్మల్ స్లైడ్ కూడా నీలంగానే మిగిలితే తప్పు రియేజెంట్‌ది. అది గోధుమరంగుకి వచ్చి, పేషెంట్ న్యూట్రోఫిల్స్ మాత్రం రాకపోతే అదే మైలాయిడ్ జబ్బు వైపు ఒక ఆధారం.

స్లైడ్ ఎప్పుడు తీసింది? పెరాక్సైడ్ ఎప్పుడు కలిపింది?

బెజవాడ స్లైడ్

స్లైడ్ నిన్న సాయంత్రందే. రాత్రంతా కిటికీ పక్కన రాక్‌లో ఉంది, పొద్దున ఎండ పడుతుంది అక్కడ. పెరాక్సైడ్ పోయిన వారం కలిపి ఫ్రిజ్‌లో పెట్టిన సీసాలోది. కంట్రోల్ స్లైడ్ పెట్టలేదు.

ఎనలైజర్ అన్న · ల్యాబ్ ఇన్‌చార్జ్, గవర్నర్‌పేట

మన బెజవాడ ఎండలో ఎంజైమ్ ఏం బతుకుతుంది తమ్ముడూ, మనుషులే బతకట్లేదు 😄

సరే, పనికొచ్చే మాట చెప్తా. కలిపి ఉంచిన పెరాక్సైడ్ వారానికి బలం పోతుంది. 30 శాతం సీసా నుంచి అప్పటికప్పుడు తీసుకో. మేం వాడే కొలత: 60 ఎంఎల్ ట్రిస్ బఫర్‌లో, పీహెచ్ 7.6, 30 మిల్లీగ్రాముల డీఏబీ కరిగించి, 30 శాతం పెరాక్సైడ్ 120 మైక్రోలీటర్లు వేస్తాం. స్లైడ్‌ని చల్లటి బఫర్డ్ ఫార్మలిన్ అసిటోన్‌లో 30 సెకన్లు ఫిక్స్ చేసి, కడిగి, ఆరబెట్టి, అందులో పది నిమిషాలు ఉంచాలి. ఫిక్సింగ్ ఎక్కువసేపు చేస్తే అదీ ఎంజైమ్‌ని చంపుతుంది. డీఏబీ చేతికి తగలనీయొద్దు, గ్లవ్స్ వేసుకో. వాడిన ద్రవం సింక్‌లో పారబోయకు.

స్లైడు ఇవాళ్టి రక్తంతో కొత్తగా తీయి. నిన్నటి ఈడీటీఏ ట్యూబ్ వద్దు.

తెనాలి నాన్న

సార్, మేడమ్, నేను డాక్టర్ని కాదు. గూగుల్‌లో వెతుకుతుంటే ఈ చర్చ కనపడింది. మా పాపకి మూడున్నరేళ్లు. జలుబు, జ్వరం వస్తే రక్త పరీక్ష చేయించాం. అందులో లింఫోసైట్లు 61 శాతం అని ఎర్రగా బోల్డ్‌లో వచ్చింది. పైన మీరు 71 శాతం అని రాశారు, అది బ్లడ్ క్యాన్సర్ అంటున్నారు. నిన్నట్నుంచి మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించట్లేదు. టోటల్ కౌంట్ 9,800, హిమోగ్లోబిన్ 11.6, ప్లేట్‌లెట్లు 3.1 లక్షలు.

గుంటూరు హెమటాలజీ

తెనాలి నాన్నగారూ, ముందు అన్నం తినండి. ఆ వయసు పిల్లల్లో లింఫోసైట్లే ఎక్కువ ఉంటాయి, న్యూట్రోఫిల్స్ తర్వాతి ఏళ్లలో పైచేయి అవుతాయి. మీ రిపోర్ట్‌లో ఎర్రగా పడింది పెద్దవాళ్ల రేంజ్‌తో పోల్చడం వల్ల. ఇక్కడి పేషెంట్‌లో మెషీన్ 'లింఫోసైట్' అన్నవి అసలు లింఫోసైట్లే కావు. అవి బ్లాస్టులు. మెషీన్‌కి వాటిని ఏ గంపలో వేయాలో తెలియక లింఫోసైట్లలో కొన్ని, మోనోసైట్లలో కొన్ని వేసింది. మీ పాపకి హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు, టోటల్ కౌంట్ మూడూ బాగున్నాయి. పిల్లల డాక్టరుకి రిపోర్ట్ చూపించండి, వారు కావాలంటే స్మియర్ చూడమంటారు.

ఇంకో మాట, ఇది అందరికీ. జ్వరం తగ్గట్లేదనో కీళ్లు నొప్పులనో పిల్లలకి డెక్సా ఇంజెక్షన్లు వేయించకండి, కనీసం సీబీసీ, స్మియర్ చూడకముందు వద్దు. లింఫాయిడ్ బ్లాస్టులు స్టెరాయిడ్‌కి ఇట్టే కరిగిపోతాయి. రెండు మూడు డోసులు పడ్డాక రక్తంలో బ్లాస్టులు కనపడకుండా పోతాయి, మ్యారో కూడా అర్థంకాకుండా తయారవుతుంది. జబ్బు మాత్రం ఎక్కడికీ పోదు.

తెనాలి నాన్న

చాలా థాంక్స్ మేడమ్. మా ఆవిడకి చదివి వినిపించాను. సోమవారం పిల్లల డాక్టరుగారి దగ్గరికి వెళ్తాం.

పాథ్ పీజీ

మేడమ్, కౌంట్ ప్యాటర్న్ గురించి ఒక డౌట్. 38 వేలు ఉంది కాబట్టి ఫ్లాగ్ పడింది, చూశాం. అసలు అక్యూట్ లుకేమియాలో కౌంట్ తగ్గితే ఎలా పట్టుకోవాలి? అలాంటివి రేరే కదా.

గుంటూరు హెమటాలజీ

రేర్ అని ఎవరన్నారు? కౌంట్ తగ్గి వచ్చేవాళ్లు, నార్మల్‌గా వచ్చేవాళ్లు, లక్ష దాటి వచ్చేవాళ్లు, ముగ్గురూ మామూలే. తెల్లకణాల సంఖ్య బట్టి లుకేమియా ఉందా లేదా అని చెప్పలేం. నేను చూసేది మిగతా రెండు వరసలని. హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు రెండూ కలిసి పడిపోయి ఉంటే, తెల్లకణాలు 2,000 ఉన్నా 7,000 ఉన్నా ఆ స్మియర్ చేత్తో చూడాల్సిందే.

కౌంట్ 1,800 ఉన్న స్లైడ్‌లో మధ్యలో నాలుగు ఫీల్డ్‌లు తిప్పి వదిలేస్తే ఏమీ దొరకదు. బ్లాస్టులు పెద్ద సెల్స్, స్మియర్ లాగినప్పుడు తోక చివరకీ అంచులకీ కొట్టుకుపోతాయి. అక్కడ వెతకండి. అప్పటికీ సెల్స్ చాలకపోతే ఈడీటీఏ రక్తాన్ని సెంట్రిఫ్యూజ్ చేసి, ఎర్రకణాల పైన తెల్లగా పేరుకునే పలుచటి పొర నుంచి చుక్క తీసి స్మియర్ లాగండి. అందులో వంద సెల్స్ సులువుగా దొరుకుతాయి. అయితే శాతం మాత్రం ఆ స్లైడ్ నుంచి రాయొద్దు, అక్కడ సెల్స్ పొందిక మారిపోతుంది. బ్లాస్టులు ఉన్నాయా లేవా అన్నదానికే అది.

కౌంట్ తగ్గి వచ్చేవాళ్లలో నాకు అన్నిటికంటే గుబులు పుట్టించేది ఏపీఎల్. తెల్లకణాలు 1,500, ప్లేట్‌లెట్లు 15,000, చిగుళ్ల నుంచి రక్తం, సూది గుచ్చిన చోట కమిలిన మచ్చలు. స్మియర్‌లో దొరికేవి నాలుగే సెల్స్ అయినా వాటిలో ముదురు గ్రాన్యూల్స్ కిక్కిరిసి, ఆవర్ రాడ్లు కట్టెల మోపులా ఉంటే ఫ్లో కోసం ఆగకండి. పీటీ, ఏపీటీటీ, ఫిబ్రినోజెన్ అప్పుడే పంపించి, డాక్టరుకి ఫోన్ చేసి 'ఏపీఎల్ అనుమానం' అని నోటితో చెప్పాలి. అనుమానం మీదే ఆట్రా మొదలుపెడతారు, జన్యు పరీక్ష వెనకాల వస్తుంది. ఈ జబ్బులో మొదటి రోజుల్లో ప్రాణం తీసేది రక్తస్రావం. మైక్రోగ్రాన్యులర్ రకమైతే ఇంకా మోసం: కౌంట్ ఎక్కువ ఉంటుంది, గ్రాన్యూల్స్ కంటికి ఆనవు, న్యూక్లియస్ రెండు ముక్కలుగా మడతపడి మోనోసైట్‌లా ఉంటుంది. అక్కడ ఎంపీఓ గట్టిగా పాజిటివ్ రావడమే మనల్ని కాపాడుతుంది.

ఎనలైజర్ అన్న

మేడమ్ చెప్పిన దానికి నా వైపు నుంచి రెండు ముక్కలు. వానాకాలం తర్వాత డెంగీ సీజన్‌లో మెషీన్ రోజంతా ఎటిపికల్ లింఫో అని అరుస్తూనే ఉంటుంది. ప్లేట్‌లెట్లు కూడా పడిపోయి ఉంటాయి. అలవాటైపోయి ఫ్లాగ్ చూడకుండా 'వైరల్' అని వదిలేస్తేనే లుకేమియా జారిపోతుంది. డెంగీలో హిమోగ్లోబిన్ మామూలుగా పడిపోదు, ప్లాస్మా కారిపోతే హెమటోక్రిట్ పెరుగుతుంది కూడా. స్లైడ్ మీద రియాక్టివ్ లింఫోసైట్ సైటోప్లాజం ఎక్కువగా పరుచుకుని, పక్కనున్న ఎర్రకణాన్ని ఆనుకుని వంగి, ఆ అంచున ముదురు నీలంగా ఉంటుంది. పైగా ఒక్కోటి ఒక్కో రూపంలో. బ్లాస్టులైతే ఎక్కువగా ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి.

రెండోది, కౌంట్ లక్ష దాటినప్పుడు. తెల్లకణాల వల్ల ద్రవం మసకబారి హిమోగ్లోబిన్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఎంసీహెచ్‌సీ 37, 38 అని వింతగా వస్తే అదే అనుమానించండి, డైల్యూట్ చేసి మళ్లీ పెట్టండి. బయోకెమిస్ట్రీలో పొటాషియం 7 అని వచ్చి అందరూ కంగారుపడతారు. పెళుసు బ్లాస్టులు ట్యూబ్‌లోనే పగిలి పొటాషియం కక్కి ఉండొచ్చు. ఈసీజీ బాగుంటే, ట్యూబ్ కుదపకుండా చేత్తో తెచ్చిన కొత్త శాంపిల్‌తో మళ్లీ చూడాలి.

బెజవాడ స్లైడ్

కొత్త శాంపిల్ తెప్పించి మళ్లీ వేశాను. పెరాక్సైడ్ అప్పుడే కలిపాం, పక్కన మా దగ్గరే పనిచేసే కుర్రాడి నార్మల్ స్లైడ్. నార్మల్ న్యూట్రోఫిల్స్ చక్కగా గోధుమరంగు వచ్చాయి. పేషెంట్ న్యూట్రోఫిల్స్ కూడా వచ్చాయి. బ్లాస్టులు 200 లెక్కపెడితే రెండింట్లో మాత్రం కాస్త రంగు.

పాథ్ పీజీ

1 శాతం. 3 శాతం కంటే తక్కువ కాబట్టి నెగెటివ్. నేను మొదట్నుంచీ అదే చెప్తున్నా, ఏఎల్‌ఎల్.

గుంటూరు హెమటాలజీ

నెగెటివ్ అన్నది ఇప్పుడు నిజం. ఏఎల్‌ఎల్ అన్నది ఇంకా కాదు. 3 శాతం దాటితే మైలాయిడ్ అని ధైర్యంగా చెప్పొచ్చు. దాటకపోతే మాత్రం లింఫాయిడ్ అని తిరగరాయడానికి లేదు. ఎంపీఓ రాని ఏఎంఎల్ కనీసం మూడు రకాలు: మరీ తొలిదశలో ఆగిపోయినవి, మోనోబ్లాస్టులు, మెగాకేరియోబ్లాస్టులు. మోనోబ్లాస్ట్ అయితే సైటోప్లాజం ఎక్కువగా, బూడిద నీలంగా ఉండి నాన్ స్పెసిఫిక్ ఎస్టరేజ్ పట్టుకుంటుంది. మెగాకేరియోబ్లాస్ట్ అంచుల్లో బుడిపెలు కనపడొచ్చు. ఈ స్లైడ్‌లో అవేవీ లేవు, ఒప్పుకుంటా. మొదటి రకం మాత్రం అచ్చం మీరు వర్ణించినట్టే ఉంటుంది. దాన్ని కంటితో ఏఎల్‌ఎల్ నుంచి విడదీయగలనని చెప్పేవాళ్లని నేను నమ్మను. ఇక ఎల్1, ఎల్2 అనేవి 1976 నాటి పేర్లు. అప్పట్లో కంటిచూపు, స్టెయిన్లు తప్ప వేరే దారి లేదు. ఇప్పుడు ఎల్2 అని రాస్తే వైద్యంలో ఏమీ మారదు.

రిపోర్ట్ ఇలా వెళ్లొచ్చు: 'అక్యూట్ లుకేమియా, బ్లాస్టులు 78 శాతం, ఆవర్ రాడ్స్ లేవు, కంట్రోల్‌తో వేసిన ఎంపీఓ 3 శాతం లోపు, వంశం తేల్చడానికి ఫ్లో అవసరం.' ఇది చాలు. ఏఎల్‌ఎల్ అని రాస్తే ఆ మాట పట్టుకుని ఎవరో స్టెరాయిడ్ మొదలుపెట్టేస్తారు.

ఫ్లో బెంచ్ · ఫ్లో సైటోమెట్రీ, హైదరాబాద్, సొంతూరు మంగళగిరి

ఇంతసేపు ఎంపీఓ స్టెయిన్ మీద తలలు బద్దలుకొట్టుకున్నారు. రక్తంలోనే 78 శాతం బ్లాస్టులున్నాయి, నిన్నే ఒక ఈడీటీఏ ట్యూబ్ మాకు పంపి ఉంటే ఈపాటికి తేలేది. మ్యారో కోసం కూడా ఆగక్కర్లేదు, ఇన్ని బ్లాస్టులుంటే రక్తం చాలు. సైటోకెమిస్ట్రీ రోజులు పోయాయని నా అభిప్రాయం.

గుంటూరు హెమటాలజీ

మీకు అలాగే అనిపిస్తుంది, మీ బల్ల దగ్గర మెషీన్ ఉంది. ఇక్కడ రాత్రి తొమ్మిదింటికి ఏపీఎలా కాదా అని తేల్చుకోవాల్సినప్పుడు పది నిమిషాల ఎంపీఓ ఉండాలి. దీని మీద మనిద్దరికీ ఎప్పటికీ కుదరదు, వదిలేయండి. ట్యూబ్ ఎలా పంపాలో వాళ్లకి చెప్పండి.

ఫ్లో బెంచ్

సరే మేడమ్. పర్పుల్ టాప్ ట్యూబ్, నిండుగా. రూమ్ టెంపరేచర్‌లోనే. ఐస్‌ప్యాక్‌కి నేరుగా ఆనించొద్దు, గడ్డకడితే సెల్స్ పగిలిపోతాయి. అలాగని పండిట్ నెహ్రూ బస్టాండ్‌లో పార్సిల్ కౌంటర్ బయట ఎండలో రెండు గంటలు ఉన్నా అంతే సంగతి. థర్మోకోల్ పెట్టెలో పెట్టి రాత్రి బండికి వేయండి. మాకు 24 గంటల్లోపు చేరితే మంచిది, 48 దాటితే చచ్చిన సెల్స్ అన్ని యాంటీబాడీలకీ అంటుకుని అబద్ధపు పాజిటివ్‌లు చూపిస్తాయి. ట్యూబ్‌తో పాటు స్టెయిన్ చేయని స్లైడ్‌లు రెండు, సీబీసీ ప్రింట్ పెట్టండి. స్టెరాయిడ్ పడిందో లేదో ఫారం మీద రాయండి, చాలామంది రాయరు.

*(మూడు రోజుల తర్వాత)*

బెజవాడ స్లైడ్

రిపోర్ట్ వచ్చింది. ఉన్నది ఉన్నట్టు: సీడీ45 డిమ్ గేట్‌లో 80 శాతం సెల్స్. సీడీ34, హెచ్‌ఎల్‌ఏ-డీఆర్, టీడీటీ పాజిటివ్. సీడీ19 బ్రైట్, సీడీ10 పాజిటివ్, సెల్ లోపలి సీడీ79ఎ, సీడీ22 పాజిటివ్. లోపలి సీడీ3 నెగెటివ్, లోపలి ఎంపీఓ నెగెటివ్, సీడీ117 నెగెటివ్. సీడీ13 డిమ్ పాజిటివ్, సీడీ33 కొన్నిట్లో పాజిటివ్.

పాథ్ పీజీ

ఓ, అయితే నేనన్నదీ పూర్తిగా రైట్ కాదు. సీడీ13, సీడీ33 మైలాయిడ్ మార్కర్లు కదా. రెండు వైపులా ఉన్నాయి కాబట్టి మిక్స్‌డ్ ఫీనోటైప్ అక్యూట్ లుకేమియా అవుతుంది.

ఫ్లో బెంచ్

కాదు తమ్ముడూ. ఈసారి ఉన్నదాన్ని వదిలేసి లేనిదాన్ని పట్టుకున్నావు. మార్కర్లన్నీ సమానం కాదు. మైలాయిడ్ వంశం అని ఒట్టేసి చెప్పగలిగేది ఎంపీఓ, లేదంటే మోనోసైట్ వైపు ఎస్టరేజ్, సీడీ11సీ, సీడీ14, సీడీ64, లైసోజైమ్‌లలో కనీసం రెండు. టీ అయితే సీడీ3, సెల్ లోపలిదైనా సరే. బీ వైపు ఒక్క మార్కర్ చాలదు, సీడీ19 బలంగా ఉండి దానికి తోడు సీడీ79ఎ, సీడీ22, సీడీ10లలో ఇంకోటి ఉండాలి. ఇక్కడ బీ కేసు నాలుగు సాక్షులతో నిలబడింది. సీడీ13, సీడీ33 దారితప్పి వచ్చిన చుట్టాలు, బీ-ఏఎల్‌ఎల్‌లో తరచూ కనిపిస్తాయి. వాటిని చూసి మిక్స్‌డ్ అని రాస్తే పేషెంట్ వైద్యమే దారి తప్పుతుంది. ఇది బీ-ఏఎల్‌ఎల్.

గుంటూరు హెమటాలజీ

పీజీ గారు మొదటిరోజు చెప్పిన పేరే చివరికి వచ్చింది, కానీ వేరే దారిలో. అదే స్లైడ్‌తో మొదటిరకం ఏఎంఎల్ కూడా రావచ్చు.

ఆ చుట్టాలని మాత్రం నేను తేలిగ్గా తీసుకోను. సీడీ34, సీడీ10 గట్టిగా ఉండి, సీడీ13, సీడీ33 కూడా తోడొచ్చిన బీ-ఏఎల్‌ఎల్, 46 ఏళ్ల మనిషి. ఈ వరస చూస్తే ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ గుర్తుకు రావాలి. పెద్దవాళ్ల బీ-ఏఎల్‌ఎల్‌లో సుమారు నాలుగో వంతు మందిలో అది ఉంటుంది, వయసు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ. ఉంటే కీమోకి తోడు టీకేఐ మాత్ర మొదట్లోనే మొదలవుతుంది. బీసీఆర్-ఏబీఎల్1 పరీక్ష పంపించారా?

బెజవాడ స్లైడ్

పంపాం మేడమ్. సీఎంఎల్ వాళ్లకి చేసే క్వాంటిటేటివ్ పీసీఆర్ ఉంది కదా, అదే టిక్ పెట్టాం.

ఫ్లో బెంచ్

అదే ప్రమాదం. సీఎంఎల్ ఫాలోఅప్‌కి పెట్టే పరీక్ష చాలాచోట్ల పీ210 రకాన్నే వెతుకుతుంది. ఏఎల్‌ఎల్‌లో ఎక్కువమందికి ఉండేది పీ190. పీ210 మాత్రమే చేసి 'నాట్ డిటెక్టెడ్' అని రిపోర్ట్ వస్తే, ఫిలడెల్ఫియా లేదనుకుని టీకేఐ ఇవ్వకుండా వదిలేస్తారు. ల్యాబ్‌కి ఫోన్ చేసి పీ190, పీ210 రెండూ చూస్తారా అని అడగండి. ఒకవేళ చూడకపోతే ఫిష్ చేయించండి, ఫిష్‌కి ఏ రకమైనా దొరుకుతుంది.

ఎనలైజర్ అన్న

ఒక అనుమానం మేడమ్. స్లైడ్‌లో 2 శాతం మయిలోసైట్లు ఉన్నాయి. ఇది కొత్తగా వచ్చిన ఏఎల్‌ఎల్లా, లేక ఎవరూ చూడని పాత సీఎంఎల్ ఇప్పుడు లింఫాయిడ్ బ్లాస్ట్ క్రైసిస్‌కి తిరిగిందా?

గుంటూరు హెమటాలజీ

మంచి ప్రశ్న. దీనికి ఈ కాగితాల మీద జవాబు లేదు. బేసోఫిల్స్ లేవు, మయిలోసైట్లు రెండే, కాబట్టి నా మొగ్గు కొత్త ఏఎల్‌ఎల్ వైపే. 2 శాతం మయిలోసైట్లు మ్యారో బ్లాస్టులతో నిండిపోయినప్పుడు బయటికి తోసుకొచ్చేవే కావచ్చు. ప్లీహం ఎంతుందో ఎవరూ రాయలేదు. పాత సీబీసీలు దొరుకుతాయేమో అడగండి. పీ210 అని తేలితే అనుమానం పెరుగుతుంది, పీ190 అయితే తగ్గుతుంది, అంతకంటే గట్టిగా చెప్పలేను. వైద్యం అయ్యాక బ్లాస్టులు పోయి కూడా న్యూట్రోఫిల్స్‌లో బీసీఆర్-ఏబీఎల్1 మిగిలి ఉండటం చూసి, అప్పుడు ఇది సీఎంఎల్ నుంచే వచ్చిందని తేలిన కేసులూ ఉంటాయి.

బెజవాడ స్లైడ్

ల్యాబ్‌కి ఫోన్ చేశాను. మేం టిక్ పెట్టింది పీ210 మాత్రమేనట. పీ190 కూడా కలిపి చేయమన్నాను, శాంపిల్ మళ్లీ పంపమంటున్నారు. రేపు మ్యారో తీస్తున్నారు కాబట్టి అందులోంచే పంపుతాం. కేరియోటైప్‌కి గ్రీన్ టాప్‌లో తీసుకుంటున్నారు, పీసీఆర్‌కి కూడా అదే ట్యూబ్‌లోంచి కొంచెం పంపితే సరిపోతుందా?

ఫ్లో బెంచ్

సరిపోదు. గ్రీన్ టాప్‌లో ఉండేది హెపారిన్, అది పీసీఆర్ రియాక్షన్‌నే ఆపేస్తుంది. కేరియోటైప్‌కి సెల్స్ బతికి విభజన చెందాలి కాబట్టి హెపారిన్, పీసీఆర్‌కి పర్పుల్. రెండు ట్యూబ్‌లూ బల్ల మీద సిద్ధంగా పెట్టుకుని, మొదటి లాగుడులో స్మియర్లు, రెండో సిరంజిలో ఈ రెండూ నింపమని తీసే డాక్టరుగారికి ముందే చెప్పండి. ఆర్‌ఎన్‌ఏ తొందరగా పాడవుతుంది, పర్పుల్ ట్యూబ్ రేపు రాత్రి బండికే వేసేయండి.

బెజవాడ స్లైడ్

సరే సార్. ఫారం మీద పీ190 అని పెద్దక్షరాలతో రాస్తున్నా, స్టెరాయిడ్ పడలేదని కూడా. రిపోర్ట్ వచ్చాక ఇక్కడే పెడతాను.